ఫోన్‌లో ఒక్కసారి చెబితే చాలనిపించే హ్యాండిల్: ఫ్రీలాన్స్ డిజైనర్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లోగోలు, ప్యాకెట్ డిజైన్లు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే ఫ్రీలాన్సర్లకు పని చాలావరకు ఫోన్ మీదే వస్తుంది. అవతలివాళ్లు బస్సులోనో, ప్రెస్సులో మెషిన్ పక్కనో, జీడిపప్పు బట్టీ దగ్గరో ఉంటారు. "మీ పనులు ఎక్కడ చూడాలి?" అని అడిగినప్పుడు మీ నోటి నుంచి వచ్చే పేరు వాళ్ల వేళ్లకు సరిగ్గా చేరాలి. ఈ పేజీ అంతా దాని గురించే. ఇందులో రాసిన హ్యాండిళ్లు ఉదాహరణకు మాత్రమే. వాటిలో కొన్నిటిని ఎవరైనా ఇప్పటికే తీసుకుని ఉండొచ్చు.

హ్యాండిల్ అంటే ఇన్‌స్టాగ్రామ్ పేరేనా?

అదొక్కటే కాదు. ఇన్‌స్టాగ్రామ్, బిహాన్స్, యూట్యూబ్‌లలోని యూజర్‌నేమ్, జీమెయిల్‌లో @ ముందు భాగం, సొంత వెబ్‌సైట్ ఉంటే దాని పేరు, అన్నీ కలిపే ఇక్కడ హ్యాండిల్ అంటున్నాం. ఇవన్నీ ఒకటే అయితే ఒకసారి చెబితే సరిపోతుంది. వేరువేరుగా ఉంటే ప్రతిసారీ విడివిడిగా చెప్పుకోవాలి, ఒకదాన్ని ఇంకోదానితో కలిపేసుకునే ప్రమాదం కూడా ఉంటుంది.

వాట్సాప్‌లో లింక్ పంపేస్తే పోతుంది కదా, నోటితో చెప్పడం ఎందుకు?

ఫోన్‌లో ఉన్న మనిషికి లింకే పంపండి, అదే మేలు. ఇబ్బంది ఆ తర్వాతి మనిషి దగ్గర వస్తుంది. మీరు ప్యాకెట్ డిజైన్ చేసిన పలాస వ్యాపారిని పక్క షాపాయన "ఇది ఎవరు చేశారు?" అని అడుగుతాడు. అప్పుడు ఆయన లింక్ వెతకడు, గుర్తున్న పేరు నోటితో చెప్పేస్తాడు. అక్కడ మీరు ఉండరు, సరిదిద్దడానికి వీలుండదు. కాబట్టి మీరు స్పష్టంగా చెప్పగలిగితే చాలదు, మీ కస్టమర్ ఇంకొకరికి చెప్పినా చెక్కుచెదరని పేరు కావాలి. ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి చేసేవాళ్లకు, బండి నడుపుతూ మాట్లాడేవాళ్లకు కూడా లింక్ వెంటనే పనికిరాదు.

ఒక పేరు ఫోన్‌లో నిలుస్తుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

ఒక లెక్క ఉంది. ఆ పేరు విన్న మనిషి దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా టైప్ చేయగలడో లెక్కపెట్టండి. ఒకే రకం అయితే భేషుగ్గా ఉన్నట్టు. రెండైతే సర్దుకోవచ్చు, ఆ రెండోది కూడా మీరే తీసుకోవచ్చు. రెండు దాటితే వదిలేయడం మంచిది.

తెలుగు మాటలకు ఈ లెక్క చాలా త్వరగా పెరిగిపోతుంది. కారణం మన ఉచ్చారణలో లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాట్లలో ఉంది. దీర్ఘం ఒకరు `a` అని రాస్తారు, ఇంకొకరు `aa` అంటారు. "ఈ"కి `i` ఉంది, `ee` ఉంది. "త"కి `t`, `th` రెండూ నడుస్తాయి. "ద", "ధ" రెండింటికీ `d` రాసేవాళ్లున్నారు, `dh` రాసేవాళ్లున్నారు. "వ"కి `v`, `w`. "శ"కి `s`, `sh`. "క్ష" వస్తే `ksh`, `x`. ఒత్తు అక్షరం వచ్చిన ప్రతిచోటా ఒకటా రెండా అన్న అనుమానం.

వంశధార పేరే తీసుకోండి. `v` లేక `w`, `m` లేక `n`, `s` లేక `sh`, `dh` లేక `d`, `a` లేక `aa`. అయిదు చోట్ల రెండేసి దారులు, మొత్తం 32 స్పెల్లింగులు. పైగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే అదే నదిని "బంశధార" అంటారు, కాబట్టి అటువైపు కస్టమర్ `b`తో మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. పేరు ఎంత బాగున్నా ఇది లోగో మీద ఉండాల్సిన పేరే గానీ ఫోన్‌లో చెప్పే హ్యాండిల్ కాదు.

ఫోన్‌లో కొన్ని అక్షరాలే ఎందుకు తప్పు వినిపిస్తాయి?

పాత పద్ధతి ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాన్నే మోసుకెళ్తుంది. "స్" అనే ఊదుడు శబ్దంలో బలమంతా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. అంటే దాన్ని గుర్తుపట్టించే భాగమే దారిలో తెగిపోతుంది. అందుకే "ఎస్" అంటే "ఎఫ్" అని వినిపిస్తుంది. మాట చివర "స్" ఉంటే అసలు వినపడకుండానే పోతుంది. 4జీలో హెచ్‌డీ కాల్ కలిసినప్పుడు ఈ హద్దు సుమారు 7000 దాకా పెరుగుతుంది కానీ, రెండు వైపులా ఆ సదుపాయం ఉంటేనే. ఒకరి వైపు సిగ్నల్ పడిపోయినా, మధ్యలో పాత బ్లూటూత్ హెడ్‌సెట్ ఉన్నా మళ్లీ మొదటికే వస్తుంది.

రెండో చిక్కు అక్షరాల పేర్లతో. బి, సి, డి, ఈ, జి, పి, టి, వి అన్నీ "ఈ" శబ్దంతోనే ముగుస్తాయి. వాటిని విడదీసేది మొదట్లోని చిన్న చిటుకు మాత్రమే, గోలలో మునిగిపోయేదీ అదే. "ఎమ్", "ఎన్" జంట సంగతి చెప్పక్కర్లేదు. ఏ, ఈ, ఐ మన దగ్గర ఇంకో తలనొప్పి: "ఈ" అని మీరు ఇంగ్లీషు అక్షరం చెబితే, శబ్దం "ఈ" అనుకుని `i` కొట్టేవాళ్లున్నారు.

వీటిని బట్టి ఒక మాట. హ్యాండిల్‌ను అక్షరాలుగా విడగొట్టి చెప్పాల్సి వస్తోందంటే అది అప్పటికే సగం ఓడిపోయింది. మొత్తం మాటగా వినగానే చేయి దానంతట అదే టైప్ చేసేలా ఉండాలి.

నా పేరే పెట్టుకుంటే తప్పేంటి?

తప్పేం లేదు, లెక్క బాగుంటే. "రవి" అన్న పేరును దాదాపు అందరూ `ravi` అనే రాస్తారు. "కిరణ్", "అనిల్" కూడా అంతే. "శిరీష" అలా కాదు. మొదట `s` లేక `sh`, మధ్యలో `i` లేక `ee`. చివరి "ష"ని అందరూ `sh` అనే రాస్తారనుకున్నా నాలుగు రకాలు తేలాయి. "లక్ష్మి", "శ్రీధర్", "జ్యోత్స్న" ఇంకా కష్టం. ఇలాంటి పేరున్నవాళ్లు దాన్ని డిస్‌ప్లే పేరులో ఉంచుకుని, హ్యాండిల్‌కి వేరే మాట చూసుకోవడం మేలు. ఇన్‌స్టాగ్రామ్‌లో యూజర్‌నేమ్ కాకుండా పేరు రాసే గడి వేరే ఉంటుంది. అందులో తెలుగు లిపి కూడా పెట్టుకోవచ్చు.

ఇంటిపేరు అక్షరాన్ని ముందు తగిలించడం మన దగ్గర అలవాటు. బి.రవి, పి.రవి, డి.రవి ఫోన్‌లో ముగ్గురూ ఒక్కరే. ఆ అక్షరం వద్దు.

ఊరి పేరు కలిపితే స్థానికులకు గుర్తుంటుంది కదా?

ఊరిని బట్టి ఉంటుంది. పలాస, మందస చక్కని పేర్లు: `palasa`, `mandasa`. ఒత్తుల్లేవు, దీర్ఘాల గొడవ లేదు, విన్నట్టే రాస్తారు. రాజాంలో మాత్రం బోర్డులు చూస్తే `Rajam` కనిపిస్తుంది, `Razam` కూడా కనిపిస్తుంది. బొబ్బిలి, టెక్కలిలో ఒత్తు దగ్గర ఆగిపోతారు. విజయనగరం మరీ చిత్రం. అధికారికంగా `Vizianagaram`, కానీ నోటితో "విజయనగరం" అంటాం, విన్నవాళ్లు `Vijayanagaram` కొడతారు. బయటి రాష్ట్రంవాళ్లయితే హంపి విజయనగరం అనుకుని చివర "ం" తీసేస్తారు.

ఇంకో సంగతి, ఊరి పేరు మిమ్మల్ని ఆ ఊరికే కట్టేస్తుంది. విశాఖ, హైదరాబాద్ నుంచి పని కావాలనుకునేవాళ్లు ఊరిని బయోలో రాసుకుంటే సరి.

వెనక `studio`, `arts`, `graphics` లాంటివి తగిలించవచ్చా?

ఇవి వినడానికి స్పష్టంగానే ఉంటాయి. కానీ మన ఊళ్లలో ఒక్కోదానికి ఒక్కో అర్థం స్థిరపడిపోయింది. స్టూడియో అంటే ఫొటో స్టూడియో, పాస్‌పోర్టు సైజు ఫొటోలకు ఫోన్లు వస్తాయి. ఆర్ట్స్ అంటే గోడల మీద, బోర్డుల మీద రాసేవారు. గ్రాఫిక్స్, డిజిటల్స్ అంటే ఫ్లెక్సీ కొట్టు. డిజైన్స్ అంటే మగ్గం వర్కు, బ్లౌజుల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. మీరు నిజంగా ఆ పనే చేస్తే తగిలించుకోండి.

ఏది పెట్టినా చివర `s` వద్దు. పైన చెప్పిన కారణంతో అది కాల్‌లో ఎగిరిపోతుంది, మీ కస్టమర్ `design` అని కొట్టి వేరే ఎవరి పేజీకో వెళతాడు. `designz`, `grafix`, `kreative` లాంటివి చూడ్డానికి సరదాగా ఉంటాయి గానీ, చెవికి మామూలు స్పెల్లింగే వినిపిస్తుంది. `z` ఉందని చెప్పడానికి ప్రతి కాల్‌లోనూ ఓ వాక్యం ఖర్చవుతుంది.

అంకెలు పెట్టుకోవచ్చా? 30, 35 పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

బండి నంబర్ల నుంచి వచ్చిన అలవాటు అది. శ్రీకాకుళానికి AP 30, విజయనగరానికి AP 35 ఉండేవి. 2019లో జిల్లాల కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా AP 39 సిరీస్ వచ్చింది, కాబట్టి కుర్రాళ్లకు ఆ గుర్తు కూడా మెల్లగా పోతోంది.

ఫోన్‌లో "థర్టీ" అంటే "థర్టీన్" అని వినిపించడం అందరికీ తెలిసిందే, 30 కాస్తా 13 అవుతుంది. "ముప్పై" అంటే ఆ గొడవ లేదు, కానీ ఒడియా కస్టమర్‌కు, బెంగళూరు కస్టమర్‌కు అది పనికిరాదు. "టూ" అంటే `2` కొట్టాలా, `to` కొట్టాలా, `too` కొట్టాలా? సున్నా అంటే `0` సరే, "ఓ" అంటే? "డబుల్ ఫైవ్" అన్నప్పుడు 55 కొట్టేవాళ్లే ఎక్కువ, కానీ అక్షరాల్లో రాసేవాళ్లూ తగులుతారు. అంకె లేకుండా పేరు దొరకడం లేదంటే పేరు మార్చాలి, అంకె చేర్చకూడదు.

అండర్‌స్కోర్, చుక్కల సంగతి?

వద్దు. అండర్‌స్కోర్‌ను ఒకరు "కింద గీత" అంటారు, విన్నవాళ్లు మధ్య గీత పెడతారు. ఇంకొకరు "డాష్" అంటారు, అది ఏ గీతో తెలియదు. ఫోన్ కీబోర్డులో అది రెండో పేజీలో దాగి ఉంటుంది, పెద్దవాళ్లకు వెంటనే దొరకదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇన్‌స్టాగ్రామ్ అండర్‌స్కోర్‌ను ఒప్పుకుంటుంది, జీమెయిల్ ఒప్పుకోదు, వెబ్‌సైట్ పేరులోనూ కుదరదు. చుక్క జీమెయిల్‌లో ఉన్నా లేకున్నా ఒకటే: `mango.paper`కి పంపినా `mangopaper`కి పంపినా ఒకే ఇన్‌బాక్సుకు చేరుతుంది. అదే చుక్క ఇన్‌స్టాగ్రామ్‌లో వేరే ఖాతా. ఒక చోట నేర్పిన అలవాటు ఇంకో చోట తప్పు దారి పట్టిస్తుందన్నమాట.

ఎన్ని అక్షరాలుండాలి?

ఆరు నుంచి పదిహేను. జీమెయిల్ ఆరు కంటే తక్కువ ఇవ్వదు, ఎక్స్ పదిహేను దాటనివ్వదు. ఇన్‌స్టాగ్రామ్ ముప్పై దాకా ఇస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. అచ్చంగా చిన్న ఇంగ్లీషు అక్షరాలే వాడి, ఈ హద్దులో ఉంటే అన్ని చోట్లా ఒకే పేరు నడుస్తుంది.

మరీ పొట్టి పేరు కూడా మంచిది కాదు. `ink` లాంటిది చెబితే "పింకా? లింకా?" అని అడుగుతారు, ఎందుకంటే కాల్‌లో మాట మొదటి ముక్క తెగిపోవడం మామూలే. గోల తగ్గించే ఏర్పాటు మీరు మాట్లాడటం మొదలుపెట్టిందని పసిగట్టేలోపు ఆ ముక్క జారిపోతుంది. మూడు నాలుగు పలుకుల పేరైతే ఒకటి పోయినా మిగతావి పట్టుకుంటాయి.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా చూపించగలరా?

విజయనగరంలో ప్యాకేజింగ్ డిజైన్ చేసే శిరీష అనుకుందాం. ఇప్పటి హ్యాండిల్ `sirisha_designz35`. ముందు లెక్క కడదాం. పేరుకు నాలుగు స్పెల్లింగులు అని పైన చూశాం. మధ్య గుర్తుకు నాలుగు అవకాశాలు: అండర్‌స్కోర్, హైఫన్, చుక్క, ఏమీ లేకపోవడం. డిజైన్ దగ్గర `design`, `designs`, `designz` మూడు. నాలుగు, నాలుగు, మూడు గుణిస్తే 48. చివరి 35ని లెక్కలోకి తీసుకోకుండానే. అవతలివాళ్లు తగలాల్సింది ఆ 48లో ఒక్కటి.

మొదటి ప్రయత్నం `nagavali`. మన వైపు నది, అక్షరాలు ఫర్వాలేదు. కానీ `nagavalli` అని ఒత్తు పెట్టేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే ఆ పేరు ఆడపిల్లలకు ఉంది, అందరికీ చేతి అలవాటు. పైగా `w` అనుమానం. మూడు, నాలుగు తేలుతోంది. పక్కన పెట్టేద్దాం.

రెండో ప్రయత్నం "సిరి". పొట్టిది, అందమైనది. కానీ `siri`, `siree`, `sri` అన్నీ వస్తాయి. మొదటి శబ్దమే "స్", తెగిపోయేది అదే. వెనక ఏం తగిలించినా ముందు భాగం బలహీనమే.

ఇక్కడ దారి మార్చాలి. అందరూ బడిలోనో, బోర్డు మీదో, ప్యాకెట్ మీదో చూసి చూసి స్పెల్లింగు కంఠతా వచ్చిన ఇంగ్లీషు మాటలు రెండు కలపాలి. `mango` అలాంటిది. "మ్యాంగో" అన్నా "మాంగో" అన్నా టైప్ చేసేది ఒకటే. `paper` కూడా అంతే, పేపరు చదవని ఇల్లుండొచ్చు గానీ ఆ మాట తెలియనివాళ్లుండరు. `mangopaper`, పది అక్షరాలు, నాలుగు పలుకులు, జంట అక్షరాల్లేవు, "స్" లేదు. భీమాళి మామిడి తాండ్రను చాప మీద పలచగా పరిచి ఆరబెట్టడం చూసినవాళ్లకు ఆ పేరులో బొమ్మ కూడా కనిపిస్తుంది. ప్యాకేజింగ్ చేసే మనిషికి బాగానే నప్పింది.

లోపం ఒక్కటే, రెండు మాటల మధ్య ఖాళీ. కొందరు `mango paper` అని విడగొడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికేటప్పుడు అది పెద్ద అడ్డు కాదు, మెయిల్‌లో మాత్రం చేరదు. అందుకే చెప్పేటప్పుడు "రెండూ కలిపి" అన్న మాట తప్పకుండా జోడించాలి. ఆ మాట అక్షరం చెప్పడం కంటే తేలిక, అందరికీ అర్థమవుతుంది.

తీసుకునే ముందు ఎలా పరీక్షించాలి?

అయిదుగురికి ఫోన్ చేయండి. మీ హ్యాండిల్ గురించి ముందు తెలిసినవాళ్లు వద్దు, డిజైనర్లు కూడా వద్దు. ఒకరు యాభై దాటినవారై ఉండాలి. ఒకరు తెలుగు మాతృభాష కానివారైతే మంచిది, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారు దొరుకుతారు. ఒకరు కాంప్లెక్సులో బస్సుల మధ్య ఉన్నప్పుడు చేయండి, ఒకరితో మీరు స్పీకర్ పెట్టి మాట్లాడండి.

మామూలు వేగంలో ఒక్కసారి చెప్పండి. స్పెల్లింగు చెప్పొద్దు, మళ్లీ అనొద్దు. వినపడింది వినపడినట్టు వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. ఆటోకరెక్ట్ ఏం చేస్తుందో కూడా అప్పుడే బయటపడుతుంది. అయిదుగురిలో నలుగురు అక్షరం తప్పకుండా పంపితే తీసుకోవచ్చు. ముగ్గురే అయితే తప్పిన ఇద్దరి స్పెల్లింగులు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ఒకే చోట తప్పారంటే ఆ ఒక్క చోటే సరిచేస్తే సరిపోతుంది. చెరోచోట తప్పారంటే మాటే మార్చాలి.

మర్నాడు అదే అయిదుగురిని "నిన్న చెప్పిన పేరు ఏమిటండీ?" అని అడగండి. విన్నప్పుడు సరిగ్గా కొట్టి, మర్నాటికి మర్చిపోయేవి ఉంటాయి. అలాంటిది ఒకరి నోటి నుంచి ఇంకొకరికి వెళ్లదు.

తిరగేసి కూడా చూడాలి. హ్యాండిల్‌ను కాగితం మీద రాసి, చూడని మనిషికి ఇచ్చి పైకి చదవమనండి. మీరు అనుకున్నట్టు చదవకపోతే, విజిటింగ్ కార్డు చూసి ఇంకొకరికి చెప్పేవాళ్లు కూడా అలాగే తప్పు చదువుతారు.

కాల్‌లో చెప్పే పద్ధతి ఏమైనా ఉందా?

పేరుతో మొదలుపెట్టొద్దు. ముందు ఓ చిన్న వాక్యం అనండి, లైను తెరుచుకుంటుంది, అవతలివాళ్లు పెన్ను తీసుకుంటారు. తర్వాత పేరు, ఆ తర్వాత "కలిపి". ఒక మామూలు కాల్ ఇలా నడుస్తుంది:

"ఏటమ్మా, మీ పనులు ఏడ సూడాలి? నేను బస్సు కాడున్నాను, ఇనపడ్డం లేదు."

"రాసుకోండి సార్, చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మ్యాంగో పేపర్. మ్యాంగో అంటే మామిడిపండు, పేపర్ అంటే కాగితం. రెండూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా."

"మామిడిపండు కాగితం. ఒచ్చీసింది, పసుపు రంగు బొమ్మ ఉందా?"

"అదేనండి."

తెలుగు అర్థం చెప్పడం ఇక్కడ బాగా పనిచేస్తుంది, శబ్దం జారిపోయినా అర్థం పట్టుకుంటుంది. చివర్లో ప్రొఫైల్ బొమ్మ రంగుతో సరిచూసుకోవడం కూడా మంచి అలవాటు, తప్పు పేజీ తెరిస్తే వెంటనే తెలిసిపోతుంది.

అక్షరాలు చెప్పక తప్పని పరిస్థితి వస్తే మూడేసి, నాలుగేసి చెప్పి ఆగండి. అక్షరానికి ఊరి పేరు జోడించండి. పి ఫర్ పలాస, బి ఫర్ బొబ్బిలి, టి ఫర్ టెక్కలి, ఎన్ ఫర్ నరసన్నపేట, ఎమ్ ఫర్ మందస, ఆర్ ఫర్ రాజాం, కె ఫర్ కళింగపట్నం, జి ఫర్ గజపతినగరం. జిల్లావాళ్లకు ఇవి ఆల్ఫా, బ్రావోల కంటే తొందరగా ఎక్కుతాయి. హైదరాబాద్ కస్టమర్‌కైతే పెద్ద ఊళ్ల పేర్లు వాడండి, నరసన్నపేట అంటే మళ్లీ దాని స్పెల్లింగు అడుగుతారు.

అనుకున్న పేరు ఎవరో తీసేసుకున్నారు. ఏం చేయాలి?

చివర అక్షరం పెంచి, అండర్‌స్కోర్ పెట్టి సర్దుకోవద్దు. మీరు చెప్పిన ప్రతిసారీ కస్టమర్ ముందు వాళ్ల పేజీకే వెళతాడు. చెవికి వేరుగా వినిపించే మూడో మాట కలపండి, లేదా రెండింటిలో ఒకటి మార్చండి. పేరు దొరికినా సరే, దానికి దగ్గరగా తప్పు వినిపించే పేర్లు ఎవరివో కూడా చూసుకోండి. అవి ఇంకో డిజైనర్‌వో, అసభ్యమైన పేజీవో అయితే ఆ పేరు మానేయండి. వీలైతే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి, డిజైన్ సేవలు 42వ తరగతిలో వస్తాయి. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు.

తీసుకునేటప్పుడు వరుస ముఖ్యం. ముందు వెబ్‌సైట్ పేరు, జీమెయిల్ దొరుకుతాయో లేదో చూసి అవి పట్టుకోండి, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్, బిహాన్స్. అన్నీ ఒకే విడతలో పూర్తి చేయండి.

పాత హ్యాండిల్‌తో కార్డులు అచ్చేశాను, ఫాలోయర్లున్నారు. మారిస్తే అంతా పోతుందా?

ఇన్‌స్టాగ్రామ్‌లో యూజర్‌నేమ్ మారిస్తే ఫాలోయర్లు, పోస్టులు అలాగే ఉంటాయి. పోయేది పాత లింకు. ఇంతకుముందు ఎవరికైనా పంపిన ప్రొఫైల్ లింకు, కార్డు మీది క్యూఆర్ ఆ పాత పేరుకే వెళతాయి. పాత పేరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు దొరికే అవకాశం ఉంది. కాబట్టి మార్చే రోజునే జరుగుతున్న పనుల కస్టమర్లందరికీ కొత్త లింకు పంపండి. పాత జీమెయిల్ మూసేయొద్దు, అందులో ఫార్వర్డింగ్ పెట్టి కొత్తదానికి వచ్చేలా చేయండి. ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి ఉన్నా నష్టం లేదు. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే గ్రీటింగ్ మెసేజ్‌లో కొత్త పేరు రాయండి, కాల్ తర్వాత మొదటిసారి గానీ, పద్నాలుగు రోజులు మెసేజ్‌లు లేకుండా గడిచాక గానీ "హాయ్" అన్నవాళ్లకు అది దానంతట అదే చేరుతుంది.

మిగిలిన కార్డులు కొద్దిగా ఉంటే చిన్న స్టిక్కర్ చాలు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో మాత్రం మార్చకండి, ఆ నెలల్లో పాత కార్డు చూసి చేసేవాళ్లే ఎక్కువ.

యూపీఐ ఐడీ కూడా అదే పెట్టుకోవచ్చా?

యాప్ ఒప్పుకుంటే పెట్టుకోండి, కానీ దాన్ని నోటితో మాత్రం చెప్పకండి. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే డబ్బు వేరేవాళ్ల ఖాతాకు వెళ్లొచ్చు. క్యూఆర్ పంపండి. డబ్బు పంపే ముందు తెర మీద బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది, అది హ్యాండిల్‌తో కలవదు. "మ్యాంగో పేపర్ అని రాదండి, శిరీష అని వస్తుంది, అది చూసుకుని వేయండి" అని ముందే చెప్పి ఉంచితే మళ్లీ ఫోన్ చేసి అడగరు.